కుడి చెంప, ఎడమ చెంప: లోతు మొటిమల మీద ఒక కేసు

నరసాపురం దగ్గర ఊరి నుంచి జూన్ మొదటి వారంలో ఒక తల్లి తన కొడుకుని తీసుకొచ్చింది. కుర్రాడికి 18 ఏళ్ళు, డిప్లొమా చదువుతున్నాడు, నాన్నకి రొయ్యల చెరువులున్నాయి. లోపలికి వచ్చి కూర్చున్నా ముఖానికున్న మాస్కు తీయలేదు. తీయమంటే ముందు అమ్మ వైపు చూశాడు, తర్వాత మెల్లగా తీశాడు, ఎడమ చెంప దగ్గర మాస్కు బట్ట చీముకి అంటుకుపోయి ఉంటే అక్కడ ఇంకాస్త నెమ్మదిగా లాగాడు.

ఈ కేసు రాయడానికి కుర్రాడి దగ్గర, అమ్మ దగ్గర ఇద్దరి దగ్గరా అనుమతి తీసుకున్నాను. పేరు, ఊరు చెప్పను. ఇదేమీ అరుదైన జబ్బు కాదు, ఇలాంటి ముఖాలు నా దగ్గరికి వారం వారం వస్తూనే ఉంటాయి. కానీ ఈ కుర్రాడి రెండు చెంపల మీద ఒకే జబ్బు రెండు రకాలుగా ముగిసింది, అది నా కళ్ళ ముందే జరిగింది, అందుకే రాస్తున్నాను.

ముందు కథ ఎలా మొదలైందో చెప్తాను. పదో తరగతిలో నుదుటి మీద చిన్న చిన్న మొటిమలు, బ్లాక్‌హెడ్స్, అందరికీ వచ్చేవే. మా దగ్గరికి రావడానికి సుమారు 14 నెలల ముందు నుంచి చెంపల మీద, దవడ కింద గడ్డలు మొదలయ్యాయి. ఇవి పైకి తేలిన మొటిమలు కావు. చర్మం కింద గోళీకాయ దాచినట్టు ఉంటాయి, ముట్టుకుంటే సలుపు, పడుకుంటే దిండు తగిలినా నొప్పి, నెలైనా తగ్గవు. వాళ్ళమ్మ మాటల్లోనే: "వయసు మొటిమలండి, అవే పోతాయన్నారండి మావాళ్ళు. వేడి చేసిందని మామిడిపండు మానిపించాను, కోడిగుడ్డు మానిపించాను, మజ్జిగ తాగించాను. ఇంతలా అయిపోతాయని ఎవరనుకున్నారండి?"

ఆవిడని తప్పు పట్టే మాట నా నోట రాలేదు, ఎందుకంటే ఆ మాట ఊళ్ళో వంద మంది చెప్తారు. మామూలు మొటిమల విషయంలో ఆ మాట చాలాసార్లు నిజం కూడా అవుతుంది. ఈ రకం గడ్డల విషయంలో మాత్రం నిజం కాదు. గడ్డ ఎప్పటికో తగ్గుతుంది, నిజమే. తగ్గేలోపు కింద చర్మాన్ని తినేసి తగ్గుతుంది.

ఈ 14 నెలల్లో జరిగిన వైద్యం ఏమిటని అడిగితే ఒక్కొక్కటీ బయటకొచ్చింది. పసుపు, సున్నిపిండి. తర్వాత మెడికల్ షాపులో చీటీ లేకుండా ఇచ్చిన క్రీము, అది రాస్తే వారంలో ఎరుపు తగ్గి ముఖం తెల్లగా కనిపించిందట, మానేస్తే రెట్టింపు వచ్చాయట, మళ్ళీ రాశాడు, అలా 5 నెలలు. ఆ ట్యూబు ఖాళీది జేబులోనే ఉంది, తీసి చూపించాడు. స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ మూడూ కలిపిన క్రీము. ఇది మా ప్రాంతంలో గజ్జికి, తామరకి, మొటిమకి, నలుపుకి అన్నిటికీ ఒకటే అన్నట్టు అమ్ముడుపోతుంది. స్టెరాయిడ్ క్రీము ముఖం మీద నెలల తరబడి రాస్తే అదే మొటిమలు పుట్టిస్తుంది, చర్మాన్ని పల్చన చేస్తుంది. మధ్యలో జ్వరం వచ్చినప్పుడల్లా ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర 3 రోజుల అజిత్రోమైసిన్, బలానికని బి-కాంప్లెక్స్ ఇంజెక్షన్లు. బి12 ఎక్కువ మోతాదులో కొందరికి మొటిమల్లాంటి పొక్కులు తెస్తుంది, అందుకే నేను ఇంజెక్షన్ల సంగతి తప్పకుండా అడుగుతాను. జిమ్ముకి వెళ్ళే కుర్రాళ్ళనైతే బాడీ కోసం ఏమైనా వేయించుకున్నారా అని కూడా అడుగుతాను. ఈ అబ్బాయి జిమ్ము వైపు వెళ్ళలేదు.

ఇక గిల్లడం. అడిగితే తల దించుకున్నాడు. వాళ్ళక్క గుండుపిన్నుని అగ్గిపుల్ల మంటలో కాల్చి పొడిచి, రెండు బొటనవేళ్ళతో నొక్కేదట, ప్రేమతోనే, తమ్ముడికి నొప్పి తగ్గాలని. నొక్కినప్పుడు చీము కంటే రక్తమే ఎక్కువ వచ్చేదట. రెండు రోజులు వాపు దిగినట్టే ఉండి, మూడో రోజుకి పక్కన ఇంకో గడ్డ లేచేదట.

ఆ మూడో రోజు గడ్డ ఎందుకు లేస్తుందో అర్థమైతే ఈ జబ్బు సగం అర్థమైనట్టే. వెంట్రుక మొలిచే ప్రతి రంధ్రం ఒక సన్నటి సంచి. దాని పక్కనే నూనె గ్రంథి ఉంటుంది. వయసులో హార్మోన్ల వల్ల నూనె ఎక్కువ తయారవుతుంది, సంచి మూతి దగ్గర చనిపోయిన చర్మకణాలు బిరడాలా అడ్డుపడతాయి, లోపల నూనె, కణాల చెత్త, అక్కడ సహజంగానే బతికే బ్యాక్టీరియా పేరుకుంటాయి. మామూలు మొటిమలో ఇదంతా పైపైన జరిగి, పైకి తెల్లటి తల వచ్చి పోతుంది. నాడ్యులార్ యాక్నేలో, అంటే ఈ గడ్డల రకంలో, సంచి గోడ లోతున పగిలిపోతుంది. లోపలి చెత్త చర్మం అడుగు పొరలోకి చిమ్ముతుంది. శరీరం దాన్ని బయటి వస్తువులా చూసి దాడి చేస్తుంది, ఆ దాడిలో విడుదలయ్యే ఎంజైములు చెత్తతో పాటు చర్మాన్ని నిలబెట్టే కొలాజెన్‌ని కూడా కరిగించేస్తాయి. కొలాజెన్ పోయిన చోట పైచర్మం కిందికి దిగుతుంది. అదే గుంట.

ఇప్పుడు ఈ గడ్డని రెండు వేళ్ళ మధ్య పెట్టి నొక్కితే ఏమవుతుంది? పైకి దారి లేదు. ఈ గడ్డకి మూతి లేదు కాబట్టి వేళ్ళ ఒత్తిడికి లోపలి సరుకు పక్కకీ కిందకీ పోతుంది, పగలని భాగం కూడా పగులుతుంది. చుట్టూ ఉన్న మంచి కణజాలంలోకి మంట పాకుతుంది. చిన్న నష్టంతో పోవాల్సింది పెద్ద నష్టంగా పెరుగుతుంది. రక్తం చిమ్మిన చోట రంగు మచ్చ ముదురుతుంది. గోళ్ళ నుంచి, పిన్ను నుంచి కొత్త ఇన్‌ఫెక్షన్ చేరితే అసలైన సెగగడ్డ అవుతుంది. ముక్కు, పైపెదవి దగ్గరైతే ఇన్‌ఫెక్షన్ కళ్ళ వెనకున్న రక్తనాళాల దాకా వెళ్ళే ప్రమాదం కూడా ఉంది, చాలా అరుదు, కానీ ఉంది.

పరీక్షలో చూసింది ఇది. ముఖం మీద 9 లోతు గడ్డలు, 5 మిల్లీమీటర్లు దాటినవే లెక్కపెట్టాను. వీపు పైభాగంలో ఇంకో నాలుగు. ఎడమ చెంప మధ్యలో దాదాపు 2 సెంటీమీటర్ల గడ్డ, అంతకు నాలుగు రోజుల ముందు నొక్కింది, పైన పెచ్చు కట్టి, చుట్టూ ఎర్రగా, వేలు పెడితే లోపల ద్రవం కదులుతోంది. కుడి చెంపలో ఇంచుమించు అదే ఎత్తున ఒక కొత్త గడ్డ, 8 మిల్లీమీటర్లు, 4 రోజుల వయసు, ఎవరూ ముట్టుకోలేదు. బరువు 54 కిలోలు. జ్వరం లేదు, కీళ్ళనొప్పులు లేవు. ఈ రెండూ ఎందుకు అడిగానో తర్వాత చెప్తాను.

తర్వాత గది లైటు ఆపి, సెల్‌ఫోన్ టార్చి చెవి పక్క నుంచి అడ్డంగా వేశాను. ఇది ఇంట్లో ఎవరైనా చేసుకోవచ్చు. ఎదురుగా లైటు వేస్తే గోధుమ మచ్చ, గుంట రెండూ ఒకేలా నల్లగా కనిపిస్తాయి. పక్క నుంచి వేస్తే మచ్చ మాయమైపోతుంది, గుంటలో మాత్రం నీడ పడుతుంది. చదునుగా ఉన్న గోధుమ రంగు మచ్చ నెలల్లో పోతుంది, మనలాంటి చామనఛాయ చర్మంలో కొంచెం ఆలస్యంగా, ఎండలో తిరిగితే ఇంకా ఆలస్యంగా పోతుంది, కానీ పోతుంది. నీడ పడే గుంట తనంతట తాను పూడదు. ఈ కుర్రాడికి ఆ రోజే 11 గుంటలు లెక్క తేలాయి. ఫోటోలు తీసి అమ్మకి చూపించాను. "ఇవి మచ్చలు కాదాండి?" అంది. ఈ 11 ఇక పోవని, మందు ఇచ్చేది పన్నెండోది రాకుండా ఉండటానికని చెప్పాల్సి వచ్చింది. అది చెప్పడం నాకు ఏ రోజూ సులువు కాదు.

వైద్యం ఆ రోజే మొదలుపెట్టాం. షాపు క్రీము ఆపించాను, ఆపితే మొదటి కొన్ని వారాలు మంట పెరుగుతుందని ముందే చెప్పాను. కుడి చెంపలోని కొత్త గడ్డలోకి ట్రయామ్‌సినోలోన్ అనే స్టెరాయిడ్ చిన్న ఇంజెక్షన్ ఇచ్చాను. మిల్లీలీటరుకి 10 మి.గ్రా. ఉండే మందు ఒక వంతు, సెలైన్ మూడు వంతులు కలిపితే 2.5 మి.గ్రా. బలానికి దిగుతుంది, అందులో 0.1 మిల్లీలీటరు, ఇన్సులిన్ సూదితో, సరిగ్గా గడ్డ మధ్యలోకి. ఇంతకంటే బలంగా ఇచ్చినా, ఎక్కువ ఇచ్చినా, పక్క చర్మంలోకి పోయినా అక్కడే పల్లం పడుతుంది. చాలావరకు ఆ పల్లం కొన్ని నెలల్లో పూడుతుంది కానీ, ముఖం మీద ఆ భయం పెట్టకూడదు, అందుకే నేను పల్చటి మోతాదుతోనే మొదలుపెడతాను. స్టెరాయిడ్ క్రీము వద్దన్న డాక్టరే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చిందేంటని అమ్మ అడిగింది, న్యాయమైన ప్రశ్నే. క్రీము ముఖమంతా నెలల తరబడి వెళ్తుంది. ఇది ఒక గడ్డలోకి ఒక బొట్టు, ఒక్కసారి. లోపలి మంటని రెండు మూడు రోజుల్లో దించేస్తుంది, కొలాజెన్ కరగడానికి టైమ్ ఇవ్వదు. కాకపోతే తొమ్మిది గడ్డలకీ రోజూ ఇంజెక్షన్లు ఇచ్చుకుంటూ పోయే వైద్యం కాదిది, ఒకటి రెండు మొండి గడ్డల కోసం.

ఎడమ చెంపది అప్పటికే నొక్కి, పగిలి, ద్రవం నిండి ఉంది. శుభ్రం చేసి సూదితో ద్రవం లాగేశాను. వాపు దిగింది. లోపల జరిగిన నష్టం మాత్రం జరిగిపోయింది.

అసలు మందు ఐసోట్రెటినోయిన్. విటమిన్ ఎ కుటుంబానికి చెందిన క్యాప్సూల్, అమెరికాలో 1982లో అనుమతి వచ్చింది, అంటే నలభై ఏళ్ళకి పైగా వాడుతున్న మందు. నూనె గ్రంథిని కుదించేసి, బిరడా పడకుండా చేసి, మంట తగ్గించేది ఇదొక్కటే. లోతు గడ్డలకీ, గుంటలు పడుతున్న మొటిమలకీ మిగతావన్నీ అయ్యాక ఆఖరి మెట్టుగా దీన్ని దాచుకోవాల్సిన పని లేదు. గుంటలు పడుతున్నాయంటే అదే దీన్ని మొదలుపెట్టడానికి తగిన కారణం.

అయితే ఇలా బాగా మండుతున్న ముఖానికి మొదటి రోజే పూర్తి మోతాదు ఇస్తే పెద్ద ప్రమాదం ఉంది. టీనేజి మగపిల్లల్లో అరుదుగా యాక్నే ఫుల్మినన్స్ అనేది వస్తుంది, గడ్డలు ఒక్కసారిగా పగిలి పుండ్లవుతాయి, జ్వరం, కీళ్ళనొప్పులు కూడా ఉండొచ్చు. ఐసోట్రెటినోయిన్ ఎక్కువ మోతాదుతో మొదలుపెట్టినప్పుడు కూడా ఇది రేగొచ్చు. జ్వరం, కీళ్ళనొప్పుల గురించి అడిగింది అందుకే. అందుకని ముందు రెండు వారాలు ప్రెడ్నిసొలోన్ రోజుకి 25 మి.గ్రా. ఇచ్చాను, అంటే కిలోకి దాదాపు అర మి.గ్రా. నాన్నకి షుగరు ఉంది కాబట్టి కుర్రాడికీ షుగరు చూశాను, బాగానే ఉంది. లివరు పరీక్ష, పరగడుపున కొవ్వు పరీక్ష చేయించాను, ట్రైగ్లిజరైడ్లు 128. మూడో వారం నుంచి ఐసోట్రెటినోయిన్ రోజుకి 10 మి.గ్రా. మొదలుపెట్టి, ప్రెడ్నిసొలోన్‌ని నాలుగు వారాల్లో మెల్లగా తగ్గించి ఆపేశాను.

ఇక్కడ ఒక మాట. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మొటిమలకి చాలా మంచి మందు, కానీ ఐసోట్రెటినోయిన్‌తో కలిపి వాడకూడదు, రెండూ కలిస్తే తల లోపల ఒత్తిడి పెరగొచ్చు. ఎవరో ఎప్పుడో రాసిచ్చిన డాక్సీసైక్లిన్ ఇంట్లో మిగిలి ఉంటుంది, దాన్ని దీంతో కలిపి వేసుకునే వాళ్ళున్నారు. తీవ్రమైన తలనొప్పి, చూపు మసక, వాంతులు వస్తే క్యాప్సూల్ ఆపి వెంటనే రమ్మని ముందే చెప్పాను.

క్యాప్సూల్ మధ్యాహ్నం అన్నం తిన్నాక వేసుకోమన్నాను, నూనె, నెయ్యి, చేప ఏదో ఒక కొవ్వు కడుపులో ఉంటేనే మందు ఒంటికి పడుతుంది. పరగడుపున వేసుకుంటే సగం వృథా. పెదాలు పగులుతాయి, ఇది దాదాపు అందరికీ వస్తుంది, అవి పగిలితే మందు ఒంటికి పడుతున్నట్టే అనుకోవచ్చు, వాసెలిన్ జేబులో పెట్టుకోవాలి. కళ్ళు పొడిబారతాయి, ముక్కులోంచి కొంచెం రక్తం రావచ్చు. విటమిన్ ఎ మాత్రలు, కాడ్ లివర్ ఆయిల్ క్యాప్సూల్స్ లాంటివి విడిగా వాడొద్దు. మందు వాడుతున్నన్నాళ్ళూ, ఆపాక ఒక నెలా రక్తదానం చేయకూడదు, ఆ రక్తం గర్భిణికి ఎక్కితే బిడ్డకి ప్రమాదం. ఇంకోటి, కొందరికి రాత్రి చూపు తగ్గుతుంది. ఇది అరుదే కానీ ఈ కుర్రాడికి ముఖ్యం, ఎందుకంటే నాన్నకి ఒంట్లో బాగాలేనప్పుడు తెల్లవారుజామున 3 గంటలకి ఏరియేటర్లు చూడటానికి చెరువు గట్టు మీద బండి వేసుకెళ్ళేది ఇతనే. గట్టుకి రెండు వైపులా నీళ్ళే. చూపులో తేడా వస్తే బండి ఎక్కొద్దని గట్టిగా చెప్పాను.

నేను చేసిన పొరపాటు ఒకటి ఇక్కడ చెప్పాలి. మందు మొదలుపెట్టిన మొదటి నెలలో మొటిమలు పెరిగినట్టు కనిపించొచ్చని అమ్మకి చెప్పాను, కుర్రాడికి ఎదురుగా కూర్చోబెట్టి విడిగా చెప్పలేదు. క్యాప్సూల్ మొదలైన మూడో వారంలో దవడ మీద ఒకటి, ఎడమ కణత మీద ఒకటి కొత్త గడ్డలు లేచాయి. మందు పనిచేయట్లేదని భయపడి, కణత మీదది రాత్రి అద్దం ముందు నిలబడి తనే నొక్కేశాడు. నాలుగు రోజుల తర్వాత వచ్చాడు. దవడ మీదది ముట్టుకోలేదు, దానికి కుడి చెంపకిచ్చినట్టే ఇంజెక్షన్ ఇచ్చాను. కణత మీదది అప్పటికే పగిలిపోయింది. అప్పటి నుంచి ఈ మొదటి నెల సంగతి రోగికే, రోగి చేతే తిరిగి చెప్పించుకుంటున్నాను, ఎప్పుడు పెరుగుతాయి, పెరిగితే ఏం చేస్తావు, ఎవరికి ఫోన్ చేస్తావు అని.

నెల తర్వాత మోతాదు 20 మి.గ్రా.కి పెంచాను. రెండు నెలలకి ట్రైగ్లిజరైడ్లు 190, కొంచెం పెరిగినా మందు ఆపాల్సినంత కాదు, లివరు మామూలే, కాబట్టి కొనసాగించాం. వీపు మీద గడ్డలు ముందు తగ్గాయి, తర్వాత ముఖం.

ఈ దశలోనే ఒక పెద్ద గండం తప్పింది. 30 క్యాప్సూల్స్ రాసిచ్చాను, 20వ రోజుకే అమ్మ ఫోన్ చేసి "అయిపోయాయండి, ఇంకో చీటీ వాట్సాప్‌లో పెడతారాండి" అంది. రోజుకి ఒకటి వేసుకుంటే పది మిగలాలి. పది ఎక్కడికెళ్ళాయని అడిగితే ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు. వాళ్ళక్కకి మాఘమాసంలో పెళ్ళి, ఆ అమ్మాయికి గడ్డం మీద చిన్న మొటిమలున్నాయి, తమ్ముడికి బాగా తగ్గుతున్నాయి కదా అని రోజుకొకటి ఇచ్చారు.

మర్నాడే ఆ అమ్మాయిని రమ్మన్నాను, అమ్మని బయట కూర్చోమని ఒంటరిగా మాట్లాడాను. ఈ మందు కడుపులో ఉన్న బిడ్డ మెదడుని, గుండెని, చెవులని, ముఖాన్ని దెబ్బతీస్తుంది, కొద్ది రోజులు వాడినా చాలు. ఆడవాళ్ళు వాడాలంటే మొదలుపెట్టే ముందు గర్భం లేదని పరీక్ష ఉండాలి, మొదలుపెట్టడానికి ఒక నెల ముందు నుంచి ఆపాక ఒక నెల వరకు గర్భం రాకుండా ఖచ్చితమైన ఏర్పాటు ఉండాలి. గర్భానికి అవకాశమే లేదని చెప్పింది, అయినా పరీక్ష చేయించాం, నెగెటివ్. చివరి క్యాప్సూల్ నుంచి ఒక నెల దాటితే మందు ప్రభావం ఒంట్లో ఉండదని, పెళ్ళికి ఇంకా మూడు నెలలు పైనే ఉంది కాబట్టి కంగారు లేదని చెప్తే ఏడ్చేసింది. తన మొటిమలకి ఐసోట్రెటినోయిన్ అవసరమే లేదు. అజెలైక్ యాసిడ్ క్రీము, బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం జెల్ ఇచ్చాను, పెళ్ళయి గర్భం వచ్చినా పెద్దగా భయపడక్కర్లేనివి. తమ్ముడి గడ్డలు పిన్నుతో పొడిచింది తనే కదా, ఆ సంగతి కూడా తనే ఎత్తి, "గుంటలు నా వల్లే పడ్డాయా అండి?" అని అడిగింది. కొన్ని పడి ఉండొచ్చు, కొన్ని నొక్కకపోయినా పడేవి, ఏవి ఏవో ఇప్పుడు ఎవరూ చెప్పలేరని ఉన్నదున్నట్టు చెప్పాను.

మళ్ళీ కుర్రాడి దగ్గరికొస్తే, దాదాపు మూడు నెలలయ్యాక రోజుకి 30 మి.గ్రా. ఇచ్చాం. ఈ మందుకి మొత్తం కలిపి కిలోకి 120 మి.గ్రా. పడేదాకా వాడితే మళ్ళీ తిరగబెట్టే అవకాశం తగ్గుతుందని ఎక్కువమంది పాటించే లెక్క. 54 కిలోలకి 6,480 మి.గ్రా. మొదటి 28 రోజులు 10 చొప్పున 280, తర్వాత 60 రోజులు 20 చొప్పున 1,200, మిగతా 167 రోజులు 30 చొప్పున 5,010, అన్నీ కలిపి 6,490. ఎనిమిదిన్నర నెలలు పట్టింది. ఐదో నెలకే ముఖం శుభ్రమైపోయి, "ఇంక ఆపేద్దామాండి" అన్నారు, అక్కడే చాలామంది ఆపేస్తారు, అలా ఆపితే తిరిగొచ్చే అవకాశం ఎక్కువ. వచ్చిన ప్రతిసారీ నిద్ర ఎలా ఉంది, మనసు ఎలా ఉంది, ఫ్రెండ్స్‌తో తిరుగుతున్నావా అని అడిగాను. ఈ మందు వల్ల డిప్రెషన్ పెరుగుతుందని పెద్ద అధ్యయనాలేమీ తేల్చలేదు, అయినా ఎవరో ఒకరిలో మార్పు రావచ్చు కాబట్టి అడగడం మానను. ఇతని విషయంలో ఆరో నెలలో మాస్కు లేకుండా వచ్చాడు, అడక్కుండానే కాలేజీ కబుర్లు చెప్పాడు.

ఇదే కుర్రాడు 14 నెలల ముందు, మొదటి రెండు మూడు గడ్డలప్పుడే వచ్చి ఉంటే ఏం చేసేదాన్నో కూడా రాయాలి, ఎందుకంటే చదివేవాళ్ళ ఇళ్ళల్లో ఇప్పుడు ఆ దశలో ఉన్న పిల్లలు ఉంటారు. అప్పటికి గుంటలు లేకపోతే క్యాప్సూల్ దాకా వెళ్ళకపోదును. రాత్రి అడాపలీన్ 0.1 శాతం జెల్ శనగగింజంత ముఖమంతా పల్చగా, పొద్దున బెంజాయిల్ పెరాక్సైడ్, వాటితో పాటు డాక్సీసైక్లిన్ రోజుకి 100 మి.గ్రా. మూడు నెలలు. యాంటీబయాటిక్ ఒంటరిగా ఇస్తే బ్యాక్టీరియా దానికి అలవాటుపడి లొంగదు, పక్కన బెంజాయిల్ పెరాక్సైడ్ ఉంటే ఆ ముప్పు తగ్గుతుంది. 3 రోజుల కోర్సులు మళ్ళీ మళ్ళీ వాడితే మొటిమ తగ్గదు, లొంగని బ్యాక్టీరియా మాత్రం తయారవుతుంది. జెల్ పనిచేస్తుందో లేదో తెలియాలంటే 8 నుంచి 12 వారాలు ఆగాలి. కానీ ఆ ఆగే కాలంలో ఒక్క కొత్త గుంట కనిపించినా, ఒక్క గడ్డ రెండు వారాలైనా దిగకపోయినా అక్కడే దారి మార్చేస్తాను, పన్నెండు వారాలు నిండాలని కూర్చోను.

మందు ఆపాక మూడో నెలలో వచ్చినప్పుడు మళ్ళీ గది లైటు ఆపి టార్చి అడ్డంగా వేశాను, మొదటిరోజు ఫోటోలు పక్కన పెట్టుకుని. కుడి చెంపలో ఇంజెక్షన్ ఇచ్చిన చోట గోధుమ మచ్చ ఉండేది, ఐదో నెలకే పోయింది, నీడ లేదు, వేలితో తడిమినా ఎక్కడో తెలియదు. దవడ మీద ఇంజెక్షన్ ఇచ్చిందీ అంతే. ఎడమ చెంపలో చిన్నవేలి గోరంత పల్లం, అంచులు నిటారుగా, దాని చుట్టూ పాత గుంటలు. ఎడమ కణత మీద 4 మిల్లీమీటర్ల కొత్త గుంట. మొదటి రోజు లెక్కపెట్టిన 11కి ఈ రెండూ కలిసి మొత్తం 13. ఒక్క మనిషి ముఖం మీద రెండు చెంపలు పోల్చి ఇదే రుజువని నేను అనను, ఎడమ గడ్డ మొదటి నుంచే పెద్దది, బహుశా నొక్కకపోయినా ఎంతో కొంత పల్లం మిగిలేది. కణత మీదది, దవడ మీదది మాత్రం ఒకే వారంలో, ఒకే మోతాదు మందు మీద, ఇంచుమించు ఒకే సైజులో లేచాయి.

గుంటలకి వైద్యం ఉంది, పూర్తిగా చెరిపేది లేదు. చర్మాన్ని కిందికి లాగి పట్టుకున్న దారాల్లాంటి అతుకుల్ని సూదితో తెంపే సబ్‌సిషన్, సన్నటి లోతు రంధ్రాల్లాంటి గుంటలకి గాఢమైన టీసీఏ యాసిడ్ చుక్క, చర్మాన్ని సన్నటి సూదులతో పొడిచే మైక్రోనీడ్లింగ్, లేజర్. ఏదైనా నాలుగు నుంచి ఆరు సిట్టింగులు, నెలకోసారి, ప్రతిసారీ ఖర్చు, చివరికి మెరుగవుతుంది తప్ప అద్దంలో పాత ముఖం రాదు. చామనఛాయ చర్మానికి లేజర్ బలంగా పెడితే కొత్త నల్ల మచ్చ వస్తుంది, అది కూడా చూసుకోవాలి. ఐసోట్రెటినోయిన్ ఆపాక 6 నెలలు ఏ ప్రొసీజరూ చేయకూడదన్నది పాత నియమం. ఇప్పుడు మైక్రోనీడ్లింగ్ లాంటి పైపై ప్రొసీజర్లకి అంత ఆగక్కర్లేదని నిపుణులు అంటున్నారు, నేను మాత్రం గడ్డ కట్టే మచ్చలు, అంటే కీలాయిడ్లు, ఇంట్లో ఎవరికైనా ఉన్నాయేమో అడిగి, దవడ, భుజాల మీద చూసి గానీ ముట్టుకోను. ఈ ఇంట్లో ఎవరికీ లేవు.

మొదటి సబ్‌సిషన్ ఎడమ చెంపకి చేశాం, రెండు వారాలు నీలంగా కమిలింది, పల్లం మూడో వంతు పైకి వచ్చింది. రెండోది చెరువు పట్టుబడి అయ్యాక, చేతిలో డబ్బు ఉన్నప్పుడు చేయించుకుంటానన్నాడు. సరేనన్నాను, గుంట ఎక్కడికీ పోదు కాబట్టి దానికి తొందర లేదు. అప్పటిదాకా రాత్రిపూట అడాపలీన్, పొద్దున సన్‌స్క్రీన్ రాయమని చీటీ రాసిచ్చాను.